హెల్త్ పాలసీ ప్రపోజల్ ఫారంతో జతపరుస్తున్న ఆరోగ్య వివరాల లేఖ

విశాఖపట్నం
14 నవంబరు 2025

బ్రాంచి మేనేజర్ గారికి, ద్వారకానగర్ బ్రాంచి.

విషయం: 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ కోసం నేను ఇచ్చిన ప్రపోజల్ ఫారంలో మా ఆరోగ్యం గురించి అడిగిన 7, 8 ప్రశ్నలకు పూర్తి జవాబులు.

అయ్యా,

ఈ పాలసీ నాకు (49 ఏళ్లు), నా భార్య లక్ష్మికి (43), మా అబ్బాయి కిరణ్‌కి (19). కంచరపాలెంలో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. మీ ఏజెంటు గారు షాపుకే వచ్చి, నేను తెలుగులో చెబుతుంటే ఇంగ్లిష్ ఫారం నింపారు. జబ్బుల వివరాలకు అందులో ఉన్నది ఒక్క గీత జాగా. "షుగర్, థైరాయిడ్ అని రాస్తే చాలండి, పాతవన్నీ ఎందుకు" అన్నారాయన. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ రేపు ఆసుపత్రి బిల్లు పట్టుకుని మీ టేబుల్ ముందు నిలబడేది నేను. అందుకే విడిగా ఈ లేఖ రాస్తున్నాను. దీన్ని ప్రపోజల్ ఫారంలో భాగంగా తీసుకోండి. ఫారంలో ఉన్నదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే ఇక్కడిదే నా జవాబు.

ముందు నా సంగతి.

నాకు షుగర్ ఉంది. మొదటిసారి తెలిసింది 2019 ఆగస్టులో. కాలి పుండు మానకపోతే రక్తపరీక్ష చేయించారు. అప్పటి నుంచి మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రోజుకు రెండు వేసుకుంటున్నాను. ఇన్సులిన్ ఎప్పుడూ తీసుకోలేదు. కిందటి నెల హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది. కళ్లకూ కిడ్నీలకూ షుగర్ వల్ల ఇబ్బంది ఉందని ఇప్పటివరకు ఏ డాక్టరూ చెప్పలేదు. కళ్ల పరీక్ష 2023 తర్వాత చేయించుకోలేదు, అదీ చెబుతున్నాను.

రెండోది, మీరు ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది. 2022 డిసెంబరులో ఒక రాత్రి ఛాతీలో నొప్పి వచ్చి రామ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాను. ఈసీజీ, టూడీ ఎకో, మర్నాడు టీఎంటీ తీశారు. మూడూ నార్మల్. గ్యాస్ట్రైటిస్ అని రాసి రెండు వారాల మాత్రలిచ్చి పంపేశారు. కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుందని అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. కూడా రాశారు. మూడు నెలలు వేసుకుని నా అంతట నేనే మానేశాను. మానేయమని డాక్టరు చెప్పలేదు. గుండెజబ్బు ఉందని ఎవరూ చెప్పలేదు, ఉందని నేనూ అనడం లేదు. కానీ ఆ రోజు జరిగినదీ, వాడిన మాత్రా మీకు తెలియాలి. ఇది జరిగి ఇంకా 36 నెలలు నిండలేదు.

ఆ క్యాజువాలిటీ కాగితంలో ఒక తప్పు ఉంది. హిస్టరీ కాలంలో "8 ఏళ్లుగా షుగర్" అని రాసి ఉంటుంది. ఆ హడావుడిలో నా బావమరిది కౌంటర్ దగ్గర నోటికొచ్చిన లెక్క చెప్పాడు, జూనియర్ డాక్టరు అదే రాసుకున్నారు. నిజానికి అప్పటికి మూడేళ్లు దాటింది అంతే. 2019 ఆగస్టు ల్యాబ్ రిపోర్టు జతచేశాను. రేపు మీ ఇన్వెస్టిగేటర్‌కి ఆ కాగితం దొరికితే నేనేదో దాచానని అనుకోకుండా ముందే రాస్తున్నాను.

బీపీ: దీనికి నేను మందు వాడడం లేదు. 2024 మార్చిలో బీచ్ రోడ్డులో జరిగిన ఒక హెల్త్ క్యాంపులో 148/94 చూపించింది. తర్వాతి వారం మా డాక్టరు చూస్తే 134/86. మందు అక్కర్లేదు, ఉప్పు తగ్గించండి, నడవండి అన్నారు. కాబట్టి ఫారంలో "బీపీ ఉందా" అన్నచోట ఉందనీ లేదనీ టిక్ పెట్టించలేదు. ఈ రెండు రీడింగులే నా జవాబు. దాన్ని ఏమనాలో మీ డాక్టర్లు నిర్ణయించుకోండి.

సిగరెట్లు సుమారు పదిహేనేళ్లు, రోజుకు ఐదారు కాల్చాను. 2020లో మానేశాను. మందు పెళ్లిళ్లకూ పండగలకూ తాగుతాను. "అలవాట్లు లేవు" అని ఏజెంటు గారు రాయబోతే కొట్టివేయించాను. మా నాన్నగారు 61వ ఏట గుండెపోటుతో పోయారు. అమ్మకి షుగర్ ఉంది. వీళ్లిద్దరూ ఈ పాలసీలో లేరు. మీరు కుటుంబ చరిత్ర అడిగారు కాబట్టి రాశాను.

ఇక పాత సంగతులు. 2009లో కేజీహెచ్‌లో అపెండిక్స్ ఆపరేషన్. 2017లో ఎడమ కిడ్నీలో 4 మి.మీ. రాయి, మందులతోనే పడిపోయింది. 2021 మేలో కోవిడ్‌తో విమ్స్‌లో చేరాను, ఆక్సిజన్ పెట్టారు, వెంటిలేటర్ లేదు. ఈ మూడింటికీ ఆ తర్వాత చికిత్సా లేదు, డాక్టరు సలహా తీసుకున్నదీ లేదు. కేజీహెచ్ డిశ్చార్జి కాగితం నా దగ్గర లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇంటి పైరేకులు ఎగిరిపోయి బీరువాలో కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. సంవత్సరం జ్ఞాపకం మీద రాశాను. కుట్ల మచ్చ ఉంది, మీ డాక్టరు చూడవచ్చు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 36 నెలల్లోపు డాక్టరు నిర్ధారించినది, లేదా ఆ 36 నెలల్లో సలహా ఇచ్చిన, చికిత్స చేసిన జబ్బే "ముందు నుంచి ఉన్న జబ్బు" అని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచనం. మీ ఫారం మాత్రం "ఎప్పుడైనా" అని అడిగింది. అడిగారు కాబట్టి చెప్పాను. చెప్పినంత మాత్రాన అపెండిక్స్, రాయి, కోవిడ్‌లను ముందు నుంచి ఉన్న జబ్బులుగా ఒప్పుకున్నట్టు కాదు.

లక్ష్మి విషయం. 2016 నుంచి థైరాయిడ్ తక్కువ, లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు రోజూ వేసుకుంటుంది. 2006లో సిజేరియన్. 2024 ఫిబ్రవరిలో నెలసరి రక్తస్రావం ఎక్కువైతే స్కాన్ తీయించాం. గర్భసంచిలో 2.8 సెం.మీ. ఫైబ్రాయిడ్ ఉందని రిపోర్టు. హిమోగ్లోబిన్ 9.4 ఉంటే ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ తీయించండి అన్నారు. ఆ రెండో స్కాన్ తీయించలేదు. కాబట్టి ఇప్పుడు ఎంతుందో మాకు తెలియదు, మీకు కావాలంటే మీరు చెప్పిన సెంటర్‌లో తీయిస్తాం. "గర్భసంచి తీసేయాలి" అని ఈ రోజు వరకు ఏ డాక్టరూ రాయలేదు, నోటితోనూ చెప్పలేదు.

కిరణ్‌కి చిన్నప్పుడు ఆయాసం వచ్చేది. అప్పట్లో మేం పోర్టుకి దగ్గరగా ఉండేవాళ్లం, కిటికీ ఊచల మీద పొద్దున్నే బొగ్గు మసి చేతికి అంటేది. 2014లో పిల్లల డాక్టరు చీటీ మీద "ఆస్తమా" పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాశారు. నిర్ధారణ పరీక్ష చేయలేదు. ఇన్‌హేలర్ చివరిసారి వాడింది 2018లో. ఇల్లు మారాక తగ్గింది. ఆ చీటీ కాపీ కూడా ఇస్తున్నాను.

పైన రాసినవి కాక మా ముగ్గురిలో ఎవరికీ వేరే జబ్బు ఉందని నాకు తెలిసినంతవరకు ఏ డాక్టరూ చెప్పలేదు, ఇప్పుడు వేరే మందులేవీ వాడడం లేదు, చేయించుకోవాల్సిన ఆపరేషన్ ఏదీ మిగిలి లేదు. ఒంట్లో మాకు తెలియకుండా ఏముందో నేను హామీ ఇవ్వలేను. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద, మేం ఏ చికిత్సా తీసుకోలేదు. లక్ష్మి అచ్యుతాపురంలో పనిచేసినప్పుడు కంపెనీ గ్రూపు పాలసీ ఉండేది, 2023లో ఉద్యోగం మానేశాక అదీ పోయింది. దాని మీద క్లెయిమ్ చేయలేదు. ఏ కంపెనీ కూడా మా ప్రపోజల్‌ని ఇంతకుముందు తిరస్కరించలేదు.

మీ నుంచి నాకు కావలసినవి ఇవీ. షుగర్‌కీ థైరాయిడ్‌కీ ఫైబ్రాయిడ్‌కీ వెయిటింగ్ పీరియడ్ పెడతారని తెలుసు, 2024 నుంచి అది 36 నెలలకు మించకూడదనీ తెలుసు. అంతవరకు పేచీ లేదు. ఏ జబ్బుకి ఎన్ని నెలలో పాలసీ షెడ్యూల్‌లో పేరుపెట్టి రాయండి. "షుగర్, దాని వల్ల వచ్చేవి" అని రాస్తే ఆ వచ్చేవేమిటో కూడా రాయండి. లేకపోతే రేపు పంటినొప్పికి కూడా షుగరే కారణమంటారు. ప్రీమియం పెంచాల్సి వస్తే పెంచండి, ముందే కాగితం మీద చెప్పండి, ఒప్పుకున్నాకే డబ్బు కడతాను. వైద్య పరీక్షలకు ముగ్గురం సిద్ధం. మీ డాక్టరు ఫోన్‌లో అడిగే ప్రశ్నలకు కూడా ఇవే జవాబులు చెబుతాను, ఆ సంభాషణ నకలు ఇప్పించండి. పాలసీతో పాటు సంతకం చేసిన ఫారం కాపీ, ఈ లేఖ అందినట్టు ముద్ర వేసిన కాపీ పంపండి. షెడ్యూల్ చూశాక తప్పులుంటే 30 రోజుల ఫ్రీ లుక్‌లోపే తెలియజేస్తాను.

ఈ లేఖ ఇచ్చాక, పాలసీ మొదలయ్యేలోపు మాలో ఎవరికైనా కొత్తగా ఏదైనా తేలితే రాతపూర్వకంగా చెబుతాను. 60 నెలలు వరసగా పాలసీ నడిస్తే మోసం రుజువైతే తప్ప దాచారన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదని నిబంధన. దాని మీద ఆధారపడాల్సిన అవసరం నాకు రాకూడదనే ఇదంతా. జబ్బు చెప్పాక కూడా పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే జబ్బు పేరుతో క్లెయిమ్ తిరస్కరించడం కుదరదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కూడా స్టాటిన్ మాత్రల గురించే వాదన నడిచింది, అందుకే నా అటోర్వాస్టాటిన్ మూడు నెలల కథ అంత వివరంగా రాశాను.

ఈ లేఖ నేనే తెలుగులో రాశాను. లక్ష్మి, కిరణ్ చదివి తమ వివరాలు సరైనవేనని సంతకాలు చేశారు.

ఇట్లు,
అప్పలరాజు
(లక్ష్మి, కిరణ్ సంతకాలు పక్కన)

జతపరచినవి: 2019 ఆగస్టు ల్యాబ్ రిపోర్టు, 2025 అక్టోబరు హెచ్‌బీఏ1సీ, 2022 డిసెంబరు క్యాజువాలిటీ కాగితం, ఈసీజీ, ఎకో, టీఎంటీ, మందుల చీటీ, 2024 మార్చి బీపీ రీడింగుల చీటీలు రెండు, విమ్స్ డిశ్చార్జి, 2017 కిడ్నీ స్కాన్, లక్ష్మి థైరాయిడ్ రిపోర్టులు, 2024 ఫిబ్రవరి స్కాన్, హిమోగ్లోబిన్ రిపోర్టు, కిరణ్ 2014 చీటీ. అన్నీ జిరాక్సులే, అసలు కాగితాలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే తెచ్చి చూపిస్తాను.