శీనూకి పెద్ద మెసేజ్

ఒరేయ్ శీనూ,

ఫోన్ చేసి చెబుదామనే అనుకున్నా. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏదో జోకు వేస్తావు, నేను నవ్వేస్తాను, అసలు విషయం పక్కకి పోతుంది. అందుకే రాస్తున్నా. బండి మీదుంటే ఆపి చదువు. ఆఫీసులో ఉంటే ఇంటికెళ్లాక చదువు.

ముందు అసలు మాట. శనివారం నువ్వు అడిగినదానికి నా జవాబు కాదనే. నీ మీద నాకు ఆ రకమైన ఇష్టం లేదు. రెండు రోజులు టైమ్ అడిగింది తేల్చుకోడానికి కాదురా, నీకెలా చెప్పాలో తెలియక.

నువ్వు చెప్పిన మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా కూర్చున్నంతసేపూ చేతిలో ముంత మసాలా పొట్లం పట్టుకుని, మరమరాలు మెత్తబడిపోయేదాకా ఒక్కటీ నోట్లో వేసుకోలేదు నువ్వు. ఎంత ధైర్యం కూడగట్టుకున్నావో కనబడుతూనే ఉంది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు, చెప్పను. మన బ్యాచ్‌లో ఎవరైనా కూపీ లాగితే ఏం చెప్పాలో నీ ఇష్టం.

"మా నాన్న ఒప్పుకోడు" అనేస్తే నాకు పని తేలిక. కులం, జాతకం, చెల్లి చదువు... మనవైపు ఆడపిల్ల కాదనడానికి సాకులకేం కొదవ? కానీ నీ సంగతి నాకు తెలుసు. అలా అన్నానంటే వచ్చే ఆదివారానికల్లా గాజువాక వచ్చేసి మా నాన్న పక్కన కూర్చుని స్టీల్ ప్లాంట్ కబుర్లు మొదలెడతావు. ఆయన కరిగిపోయినా కరిగిపోతాడు, నువ్వంటే ఆయనకి ఇష్టమే. అయినా నా జవాబు మారదు. కాదంటున్నది ఇంట్లోవాళ్లు కాదు, నేను.

అలాగని "అన్నయ్యా" అని పిలిచి, రాఖీ కట్టి గట్టెక్కే పనీ చెయ్యను. ఏయూలో అది ఎంతమందికి జరిగిందో ఇద్దరం చూశాం కదా. పాపం, ఆ రాఖీ పడ్డవాళ్లు మళ్లీ క్యాంటీన్ వైపు రాలేదు. నువ్వు నాకు అన్నవి కావు, స్నేహితుడివి. అలాగే ఉండాలని నా ఆశ.

నీలో ఏం తక్కువైందని వెతుక్కోకు. గ్రూప్-2 కొడితే నా మనసు మారుతుందనీ అనుకోకు. ఆ పరీక్ష నీకోసం రాయి. పోయిన ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాం కదా, 32 కిలోమీటర్లు. మాధవధార దగ్గరికొచ్చేసరికి నా అరికాళ్లు బొబ్బలెక్కి నడవలేకపోతే, నువ్వు వాన తడిలో ఉత్తికాళ్లతో వెనక్కి వెళ్లి మందూ, గుడ్డా పట్టుకొచ్చావు. మర్నాడు మా అమ్మ "అబ్బాయి మంచోడే" అంది. మంచోడివే. నా మనసు నీవైపు అలా మళ్లాల్సి ఉంటే ఆ రాత్రే మళ్లేది. మళ్లలేదు. ఎందుకని అడిగితే నా దగ్గర కారణమేదీ లేదు.

ఇక ముందు సంగతి. కొన్నాళ్లు నా మొహం చూడాలనిపించకపోతే చూడకు. మెసేజ్‌కి రిప్లై ఇవ్వకపోయినా నేనేమీ అనుకోను. నా వైపు నుంచి కూడా రాత్రిపూట గంటలకొద్దీ కబుర్లు, నీ బండెక్కి బీచ్ రోడ్డు తిరగడాలు కొన్నాళ్లు ఆపేస్తా. నీకు శిక్ష వెయ్యాలని కాదు. నోటితో కాదని చెప్పి అన్నీ ఎప్పట్లాగే సాగిస్తే నీకు ఆశ చావదు. పనుంటే పగలు ఫోన్ చెయ్యి, ఎత్తుతా. ఒంట్లో బాలేదనో, ఇంట్లో ఏదైనా అయిందనో అయితే అర్ధరాత్రైనా సరే.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతున్నా. నాకోసం ఎదురుచూడకు. ఓ ఏడాదాగి మళ్లీ అడుగుదామని మనసులో పెట్టుకుని ఫ్రెండ్‌లా మసలకు. నీకు దాచుకోవడం చేతకాదు, నాకు తెలిసిపోతుంది. అసలు ఈ స్నేహమే ఇప్పుడు బరువనిపిస్తే ఆ మాటే చెప్పెయ్. ఏడుస్తాను కానీ నిన్ను తప్పుపట్టను.

ఆఖరికి మీ అక్క పెళ్లి. పసుపు దంచే రోజు పొద్దున్నే వచ్చేస్తానని ఆంటీకి మాటిచ్చాను. నేను రావడం నీకు ఇబ్బందైతే ఆఫీసులో సెలవివ్వలేదని ఆంటీకి నేనే చెప్పుకుంటా. రమ్మంటే మాత్రం వస్తా, రోకలి పడతా, భోజనం చేసి పోతా. పక్కకి పిలిచి "ఎలా ఉన్నావురా" అని జాలిగా అడిగే కార్యక్రమం ఉండదు. ఏ సంగతీ గురువారంలోగా ఒక్క ముక్క పెట్టు, సెలవు చీటీ ఇవ్వాలి. నీ పాలిటీ నోట్సు రెండూ నా దగ్గరే ఉన్నాయి, రేపు సాయంత్రం మా చెల్లి ట్యూషన్‌కి వస్తూ మీ ఇంట్లో ఇచ్చేస్తుంది.

సుజి