చుక్కల పక్షి

అది డేగే అని భావన అప్పటికే తేల్చేసింది. అమ్మ ఫోనులోని ఫొటోలో పక్షికి ఒళ్లంతా తెల్ల చుక్కలు, తోక మీద అడ్డచారలు, ఎర్రటి కన్ను. ఆ కన్ను చూస్తే ఇంకేం కావాలి, వేటాడే పక్షి కాకపోతే అలా ఉంటుందా? బడి గోడపత్రికకు ఫొటో ఇవ్వడానికి సోమవారం ఆఖరు. ‘మన బడి చెట్టు మీద అరుదైన డేగ’ అని శీర్షిక కూడా రాసిపెట్టుకుంది. అది ఏ రకం డేగో తెలిస్తే చాలు. అందుకే సుభద్ర టీచర్ ఇంటికి వచ్చింది.

సుభద్ర టీచర్ చాలా ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. ఇప్పుడు తెల్లవారగానే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని చెరువుగట్టు దాకా వెళ్లి వస్తారు. ఏ పిట్టనైనా ఇట్టే గుర్తుపట్టి పేరు చెప్పేస్తారని పిల్లల నమ్మకం. ఆ సాయంత్రం మాత్రం భావనకు పేరు తప్ప అన్నీ దొరికాయి.

ఆవిడ ఫొటోను కాసేపు చూసి, ఫోనును బల్ల మీద బోర్లించారు.

“ఇప్పుడు చెప్పు, పక్షి ఎలా ఉంది?”

“మీరు చూశారు కదా టీచర్.”

“నేను చూశాను. నువ్వు చూశావా అని అడుగుతున్నాను. ముక్కు ఏ రంగు?”

“నలుపు.” ఒక క్షణం ఆగింది. “కాదు, పసుపేమో.”

ఫోను తిప్పి చూస్తే ముక్కు నలుపూ కాదు, పసుపూ కాదు. బూడిద రంగులో లేత ఆకుపచ్చ కలిసినట్టుంది.

“కాకి కంటే పెద్దదా, చిన్నదా?”

ఫొటోలో పక్షి తెరంతా నిండి ఉంది. పక్కన ఒక ఆకు తప్ప పోల్చుకోవడానికి ఏమీ లేదు. ఆ ఆకే కాళ్లను కూడా కప్పేసింది.

“ఫొటో తీయకముందు అదేం చేస్తోంది?”

“తెలియదు టీచర్. కనపడగానే తీసేశాను.”

“తీశాక?”

“ఫొటో ఎలా వచ్చిందో చూసుకున్నాను. తలెత్తేసరికి వెళ్లిపోయింది.”

టీచర్ నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి బొమ్మ గీయమన్నారు. భావన బొమ్మలు బాగానే వేస్తుంది. చుక్కలు పెట్టింది, తోక గీసింది, ముక్కు చివర కొక్కెంలా వంచింది.

“ఈ కొక్కెం ఎక్కడిది?”

“డేగకు ఉంటుంది కదా.”

“డేగకు ఉంటుంది. ఫొటోలో ఉందా?”

లేదు. ముక్కు చివర కొంచెం వంగినట్టుందే తప్ప, మాంసం చీల్చే కొక్కెం లేదు. భావనకు చిరాకు వేసింది. పేరు తెలిసి కూడా చెప్పకుండా ఈ తిప్పలు ఎందుకు? ఆ మాట బయటికే అనేసింది.

“నేను పేరు చెబితే అది రాసుకుని వెళ్లిపోతావు. శనివారం పొద్దున్న ఆ చెట్టు దగ్గరికి రా. ఫోను వద్దు, నోటుపుస్తకం తెచ్చుకో.”

ఆ చెట్టు మర్రిచెట్టు. ఎర్రటి పండ్లతో కొమ్మలన్నీ నిండి ఉన్నాయి. ఇద్దరూ ప్రహరీ పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఉడతలు తిరిగాయి, చీమలు కుట్టాయి. ఎదురుచూడటం గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, నిజానికి అది ఎవరికీ సరదాగా ఉండదు.

తర్వాత ఆకుల మధ్య ఏదో కదిలింది. చుక్కల పక్షి! భావన చేయి అలవాటుగా జేబులోకి వెళ్లి ఖాళీగా బయటికి వచ్చింది. చేసేదేమీ లేక చూడటం మొదలుపెట్టింది.

పక్షి కొమ్మ చివరి దాకా నడిచి, మెడ చాచి ఒక పండు తెంపింది. చీల్చలేదు, నమల్లేదు, గుటుక్కున మింగేసింది. ఇంకొకటి తెంపింది. కాకి కంటే సన్నగా ఉంది, తోక పొడవు. ఈసారి ఆకు అడ్డం లేదు. టీచర్ బైనాక్యులర్స్ అందిస్తూ నెమ్మదిగా “వేళ్లు చూడు” అన్నారు. కొమ్మకు ముందు వైపు రెండు వేళ్లు, వెనక వైపు రెండు. డేగకైతే ముందు మూడు, వెనక ఒకటి ఉంటాయని, ఆ గోళ్లతోనే అది వేటను పట్టుకుంటుందని చెప్పి ఆవిడ ఊరుకున్నారు.

ఇంతలో ఒక కాకి ఎక్కడినుంచో దూసుకొచ్చింది. చుక్కల పక్షి ‘కిక్ కిక్ కిక్’ అని గట్టిగా అరుస్తూ పక్క కొమ్మలోకి పారిపోయింది. భావన గబగబా రాసింది: ‘కాకి కోపంతో తరిమింది.’

టీచర్ పెన్సిల్ తీసుకుని ‘కోపంతో’ అన్న మాట కొట్టేశారు.

“అది కోపమే కదా టీచర్!”

“కావచ్చు. నీకు కనిపించింది తరమడం. కోపం నువ్వు చేర్చావు. వేరే గీత కింద రాసుకో, ‘ఎందుకు తరిమింది?’ అని.”

భావన అలాగే రాసింది. దాని పైనే ఉన్న ‘డేగ’ అన్న మాటను తనే కొట్టేసింది. మర్రిపండ్లు మింగే డేగ ఎక్కడుంటుంది?

అప్పుడు చెట్టు లోపలినుంచి ‘కుహూ’ అని వినిపించింది. ఒక్కో కూతకూ స్వరం పెంచుకుంటూ పోతోంది. ఆ గొంతు ఎవరికి తెలియదు! వేసవి అంతా వింటూనే ఉంటాం. నల్లటి పక్షి ఒకటి ఆకుల్లోంచి బయటికి వచ్చి పండు అందుకుంది. భావన బైనాక్యులర్స్ దాని మీదికి తిప్పింది. ఎర్రటి కన్ను. బూడిద రంగులో లేత ఆకుపచ్చ ముక్కు. పొడవాటి తోక. ముందు రెండు వేళ్లు, వెనక రెండు.

“టీచర్, ఇది కోయిల.”

“ఊఁ.”

“రంగు తప్ప అన్నీ దానిలాగే ఉన్నాయి. అంటే... చుక్కలది ఆడ కోయిలా?”

సుభద్ర టీచర్ అంతసేపూ బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పారు. కుహూ అని పాడేది మగది, చుక్కలతో ఉండేది ఆడది. ఆడ కోయిల సొంతంగా గూడు కట్టదు, చాలాసార్లు కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది. అది తెలియక కాకులు ఆ గుడ్డును పొదిగి, పిల్లకు మేత కూడా పెడతాయి. కోయిల గూటి దరిదాపులకు వస్తే మాత్రం తరుముతాయి. మన గాయనులందరికీ కోకిల అని బిరుదులు ఇచ్చేశాం గానీ, అసలు ఆడ కోయిలను గుర్తుపట్టేవారు మనలో ఎంతమంది?

“అయితే ఆ గూడు ఎక్కడుందో వెతుకుదామా?”

“దూరంనుంచి చూడొచ్చు. చెట్టెక్కడం, గూడు దగ్గరికి పోవడం వద్దు. మనిషి అలికిడికి బెదిరి పక్షులు గూడు వదిలేయవచ్చు.”

భావన ‘ఎందుకు తరిమింది?’ కింద రెండు వాక్యాలు రాసుకుంది. తర్వాత టీచర్ పుస్తకంలోకి తొంగి చూసింది. అక్కడ పొట్టి అక్షరాలతో ‘మగది, నలుపు’ అని ఉంది.

“ఉత్త నలుపు కాదు టీచర్. ఎండలోకి వచ్చినప్పుడు నీలంగా మెరిసింది.”

ఆవిడ బైనాక్యులర్స్ వెనక్కి తీసుకుని చాలాసేపు చూశారు. ‘నలుపు’ పక్కన ‘నీలి మెరుపు’ అని చేర్చారు.

“ఎక్కడ మెరిసింది? రెక్క మీదా, వీపు మీదా?”

“రెక్క మీద. వీపు ఇంకా కనపడలేదు,” అంది భావన, చెట్టు మీదినుంచి కళ్లు తిప్పకుండానే.