కొసరు లెక్కలు: మూలపేటలో ఒక సందు

పాతకాలం అంగళ్ళవాళ్ళ గురించి ఎవరు రాసినా వాళ్ళ చెయ్యి ధారాళమనే రాస్తారు. నెల్లూరు మూలపేట సందులో 1980ల్లో అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఆ మాట వింటే నవ్వుతారు. అక్కడ కొసరంటే ధారాళం కాదు, లెక్క. తూకంలోనో కొలతలోనో పోయినదాన్ని ఏదో ఒక రూపంలో తిరిగి ఇవ్వడం. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో ప్రతి అంగడికీ ఒక కట్టుబాటు ఉండేది.

మూలస్థానేశ్వరస్వామి గుడి దగ్గర్నించి చీలే ఆ సందులో ఒక చేతిబండి సరుకు దించుతుంటే రెండోది వెనక్కి పోవాల్సిందే. మొదట్లో పూలావిడ, ఆనుకుని శెట్టిగారి అంగడి, ఎదురుగా టైలర్ సాయిబు. లోపలికి పోతే దోసెల అవ్వ, సైకిలంగడి, ఇస్త్రీ బండి, కట్టెల అడితి. చిట్టచివర ఆచారి.

శెట్టిగారికి సరుకు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగళ్ళ నుంచి వచ్చేది. పంచదార నూరు కిలోల గోతంలో వస్తుంది. అందులో గోతం బరువే కిలోకి దగ్గర కాబట్టి దాన్ని ఖాళీ చేశాక దులిపి, విడిగా తూచి పద్దు రాసుకునేవారు. గోతం పోగా మిగిలినదాన్ని పావుకిలో పొట్లాలు కడితే ఇంచుమించు నాలుగు వందలు. పొట్లానికి అయిదు గ్రాములు ఎక్కువ మొగ్గితే రెండు కిలోల దాకా గాల్లో కలిసినట్టు. చిల్లర వ్యాపారంలో బస్తా మీద మిగిలేదే కాస్త. అందుకే పొట్లాలు కట్టే పనిని కుర్రాళ్ళకు తొందరగా అప్పజెప్పేవారు కాదు.

అయితే పంచదారను కాగితంతో సహా తూచేవారు. దినపత్రిక ఒక ఆకు సుమారు తొమ్మిది గ్రాములు. సగానికి చింపి పొట్లం చుడితే నాలుగున్నర. అంటే కొనేవాళ్ళు ప్రతి పావుకిలోలోనూ నాలుగున్నర గ్రాముల పేపరుకు పంచదార ధర కడుతున్నారు. ముల్లు నిలిచాక మూడు వేళ్ళతో తీసి పైన వేసే చిటికెడు దీనికి ఇంచుమించు సరి. "కొసరెయ్ శెట్టీ" అని అడిగి వేయించుకున్నవాళ్ళకు లెక్క సరిపోయేది. మొహమాటపడి ఊరుకున్నవాళ్ళు కాగితం కొనుక్కుని పోయేవాళ్ళు. కందిపప్పు, శనగపప్పు తూచేటప్పుడు మాత్రం అవతలి తట్టలో అంతే కాగితం ముక్క వేసేవారు. పప్పు దగ్గర ఆడవాళ్ళు కళ్ళు పెట్టుకుని చూస్తారనేమో!

త్రాసు కూడా తిన్నగా ఉండదు. తట్టలకు పట్టిన మడ్డి, గొలుసుల అరుగుదల కలిసి ఒక పక్క బరువెక్కుతుంది. తేలిక తట్ట కింద పాసంగం కడతారు, ఒక రాయో ఇనపముక్కో. అది ఊడిపోయినా, కావాలని పెద్దది కట్టినా తూకం తప్పినట్టే. కనిపెట్టడం సులువు. సరుకును, రాళ్ళను తట్టలు మార్చి తూచితే తేడా బయటపడుతుంది. ఇనప తూకంరాళ్ళ అడుగున ఒక గుంట ఉంటుంది. అందులో సీసం పోసి, దాని మీద ప్రభుత్వ ముద్ర కొడతారు. సీసం ఊడిపోతే రాయి తేలికవుతుంది. తెలిసినవాళ్ళు రాయిని తిరగేసి చూసేవాళ్ళు. శెట్టిగారు దానికి కోపగించుకునేవారు కాదు, పైగా తానే తిప్పి చూపించేవారు.

మెట్రిక్ తూకాలు 1960ల మొదట్లోనే వచ్చినా అవ్వలు మాత్రం "అరవీశె చింతపండు" అనే అడిగేవాళ్ళు. వీశె అంటే నూట ఇరవై తులాలు, సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. శెట్టిగారు ఏడు వందల గ్రాములు తూచి, డబ్బులు కిలో ధర మీదే కట్టేవారు. ధాన్యం సంగతి వేరే. నెల్లూరు రైతు పుట్టి అంటే ఎనిమిది వందల యాభై కిలోలనే లెక్క ఇప్పటికీ ఉంది.

వేరుశనగ నూనె దగ్గర మోసం కంటికి కనపడదు. కొలపాత్రను వంచి వెంటనే తీసేస్తే లోపలి గోడలకు నూనె పొర అంటుకుని మిగులుతుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా గరాటు మీద బోర్లించి ఉంచాలి. పండగ రద్దీలో అంతసేపు ఎవరుంచుతారు? ఆ మిగులు కింద పళ్ళెంలోకి కారి, సాయంత్రం మళ్ళీ డబ్బాలోకే చేరుతుంది. అందుకే నూనెకు కొసరు గరిటెతో వేసేవారు. ఉప్పుకు కొసరు అడిగినవాళ్ళు లేరు. రాళ్ళుప్పు అంగడి బయట గోతంలోనే రాత్రంతా ఉండేది, శేరుతో కొలిచి ఇచ్చేవారు. కార్తీకం వానలకు ఉప్పు నీరుకారి గోతం కింద మడుగు కట్టేది. తడి ఉప్పును తూచి అమ్మితే కొనేవాడికి నష్టం, కొలిచి అమ్మితే ఎవరికీ పెద్ద తేడా రాదు.

అప్పు పద్దు మీద కొన్నవాళ్ళకు కొసరు లేదు. నెలాఖరుకు బాకీ తీర్చినరోజు మాత్రం పిల్లల చేతికి బెల్లంముక్క. దాన్ని ప్రేమ అనుకుంటే అనుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు సరుకులకు పంపినప్పుడు పిల్లకాయ ఏ అంగడి వైపు పరిగెత్తుతాడో ఆ బెల్లంముక్కే తేల్చేది.

పూలావిడ మూరలో అమ్మేది. మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, కానీ ఎవరి మోచెయ్యి అన్నదే తగువు. ఆమెది పొట్టి చెయ్యి. పొడుగు చేతుల వాళ్ళు తమ చేతితో కొలవమనేవాళ్ళు, ఆమె ఒప్పుకునేది కాదు. అసలు తేడా చేతిలో లేదు, ముడిలో ఉంది. మల్లెమొగ్గలు ముడికి అటు రెండు, ఇటు రెండు పెట్టి, ముడికీ ముడికీ సందు లేకుండా కడితే మూరకు పట్టే మొగ్గలు వేరు. ఎడంగా కడితే మూడోవంతు మొగ్గలు మిగుల్తాయి. కొనేముందు మాల రెండు కొసలూ పట్టుకుని వేలాడదీస్తే మధ్యలో నార కనపడకూడదు. అరటినారను నీళ్ళలో నానబెట్టి, చీల్చి, తడిమీదే కట్టాలి. ఆరిన నార ముడి బిగించేటప్పుడే పుటుక్కున తెగుతుంది. మరీ బిగిస్తే మొగ్గ కాడ తెగి తల రాలిపోతుంది.

మొగ్గలు తెల్లారి మార్కెట్లో తూకానికి కొని, ఆ సాయంత్రానికే అమ్ముకోవాలి. దీపాలు పెట్టేవేళకు మల్లె విచ్చుకుంటుంది, తెల్లారితే అడిగేవాళ్ళుండరు. అందుకే ఆమె పగలు జానెడు కూడా కొసరు వేసేది కాదు. చీకటి పడ్డాక మూరకు జాన కలిపేది. కనకాంబరాలకు ఆ బేరమే లేదు, అవి మర్నాటికీ నిలుస్తాయి.

టైలర్ సాయిబు కొసరు గుడ్డ లోపల దాగి ఉండేది. జూన్‌లో స్కూలు యూనిఫాం నిక్కరు కుడితే నడుము వెనక కుట్టులో అంగుళం, అంచు మడతలో రెండంగుళాలు వదిలేవాడు. మరుసటేడు విప్పి కుడితే నిక్కరు ఇంకో ఏడాది వస్తుంది. కాటన్ గుడ్డను కత్తిరించే ముందు రాత్రంతా నీళ్ళలో వేసి ఆరెయ్యమని చెప్పేవాడు. లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదైపోయి తప్పు టైలరు మీద పడుతుంది. వానాకాలం అతని మిషన్‌కు ఒక జబ్బు ఉండేది. తోలుబెల్టు తేమకు సాగి చక్రం మీద జారిపోతుంది. అరంగుళం కోసి, కొత్తగా బెజ్జం పెట్టి, తీగ కొక్కెం బిగించాలి. ఎండాకాలం వచ్చేసరికి అదే బెల్టు బిగుసుకుని తొక్కుడు బరువెక్కుతుంది. అందుకే బెల్టును మరీ కురచగా కొయ్యకూడదని అతని పట్టు.

దోసెల అవ్వది నాలుగు బల్లల పాక. మూడు పాళ్ళు బియ్యం, ఒక పాలు మినప్పప్పు, గుప్పెడు మెంతులు. నెయ్యికారం దోసెకు ఎండుమిరపకాయలు నానబెట్టి ఎర్రగడ్డ, ఉప్పు వేసి రుబ్బిన కారం. పెనం మరీ కాలితే పిండి గరిటెకే అంటుకుని తిరగదు, నీళ్ళు చిలకరించి, కోసిన ఎర్రగడ్డతో రుద్ది వేడి తగ్గించాలి. కారం పచ్చిగా ఉండగానే దోసె మడిచేస్తే గొంతు పట్టుకుంటుంది. నెయ్యి కారం అంచుల దాకా పాకి, తడి ఆరి రంగు ముదరాలి. మేనెల్లో తొమ్మిది గంటలకల్లా పిండి పులిసిపోయేది, కాబట్టి ఆ నెలలో ఆమె తక్కువ రుబ్బి తొందరగా కట్టేసేది. రెండోసారి పచ్చడి ఊరికే పోసేది గానీ అది మొదటిదానికన్నా పల్చన.

సైకిలంగడిలో గంటకింతని అద్దె. పది నిమిషాలు ఆలస్యమైతే పట్టించుకోరు, పావుగంట దాటితే అరగంట కట్టాలి. పంచరు పని చూడటానికి పిల్లలు గుంపు కట్టేవాళ్ళు. ట్యూబు విప్పి, గాలి నింపి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పితే బుడగలొచ్చే చోటు దొరుకుతుంది. అక్కడ గుర్తు పెట్టుకుని, తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషన్ పూశాక వెంటనే అతికించకూడదు. వేలు ఆనిస్తే జిగురుగా తగులుతూ తడి అంటకుండా ఉన్నప్పుడే ముక్క పెట్టి సుత్తితో తట్టాలి. తడిమీద అతికిస్తే ఎండలో కిలోమీటరు పోయేలోపు ముక్క జరిగిపోతుంది. టైరు లోపల వేలు తిప్పి ముల్లు ఉందేమో చూడకపోతే పావుగంటకే మళ్ళీ వస్తారు. నెల్లూరు తుమ్మముల్లు టైరులో విరిగి బయటికి కనపడకుండా ఉంటుంది. పంచరు వేయించుకున్నవాళ్ళకు మర్నాడు గాలి ఉచితం. ఆ గాలి కొట్టే వంకతో తన అతుకు నిలిచిందో లేదో ఆయన చూసుకునేవాడు. వంకరపోయిన చక్రం సరిచెయ్యడానికి మాత్రం తొందరపెడితే తిట్టేవాడు. వెనక చక్రానికి నలభై పుల్లలు, ముందుదానికి ముప్పైరెండు. ఒక పక్క పుల్ల బిగిస్తే ఎదురు పక్కది అంతే వదలాలి, అదీ పావు తిప్పు చొప్పున.

ఇస్త్రీ బండి దగ్గర చెప్పాల్సింది గుర్తుల గురించే. ఉతుక్కి వేసిన బట్ట మూలన నల్లజీడి గింజ రసంతో చుక్కలు, గీతలు పెట్టి సున్నం అద్దేవాళ్ళు. ఇక బట్ట చిరిగేదాకా అది పోదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతుంది.

కట్టెల అడితిలో సరుగుడు, తుమ్మ. వానల్లో తడిసిన కట్టె తూకం ఎక్కువ, మంట తక్కువ. అడితి ఆయన మణుగు లెక్కన అమ్మేటప్పుడు తడికట్టెకు రెండు పుల్లలు పైన వేసేవాడు. నీళ్ళ బరువుకు అవి చాలవని ఇద్దరికీ తెలుసు. అయినా తగువు పడేవాళ్ళు కాదు, వానలో మరో అడితికి ఎవరు పోతారు?

ఆచారి దగ్గర కొసరన్న మాటే లేదు. అక్కడ లెక్క తలకిందులు. సవర అంటే ఎనిమిది గ్రాములు. నగ చేయించుకునేవాళ్ళే తరుగు కింద పైన బంగారం ఇచ్చుకోవాలి. ఆకురాయి పెట్టినప్పుడు, కరిగించినప్పుడు పొడి పోతుంది, నిజమే. అందుకే ఆయన ఒళ్ళో తోలు పరుచుకుని పనిచేసి, సాయంత్రం దాన్ని కుంచెతో దులుపుకునేవాడు. కుంపటి బూడిద దాచి, ఏడాదికోసారి కడిగించేవాడు. అయినా ఎంతో కొంత చీపురుకు చిక్కి గుమ్మం దాటుతుంది. దాని కోసం వేరే మనుషులు వచ్చేవాళ్ళు. తెల్లవారుజామున ఆచారి అంగడి ముందు కాలవలో మట్టి గీకి, గంపకెత్తుకుని పోయి, చెక్క పళ్ళెంలో నీళ్ళు పోసి తిప్పి తిప్పి కడిగేవాళ్ళు. తేలిక మట్టి కొట్టుకుపోయి అడుగున మిగిలినదాన్ని పాదరసంతో పట్టి, కాల్చి తీసేవాళ్ళు. ఆచారి వాళ్ళను ఏమీ అనేవాడు కాదు గానీ, వాళ్ళొచ్చే ముందురోజు తన గుమ్మం తానే రెండుసార్లు ఊడ్చుకునేవాడు.