అవతలి స్టాపు

(సాయంత్రం. బస్సు స్టాపులో బెంచీ మీద పుస్తకం చదువుకుంటున్న యువతి, పక్కన ఆమె చేతిసంచి. కొంచెం దూరంలో యువకుడు నిలబడి ఉంటాడు. ఆమె చివరిదాకా ఏమీ మాట్లాడదు.)

యువకుడు: ఏమండీ, టైమెంతయిందో చెబుతారా? (ఆమె చూసేలోగా) వద్దు, చెప్పకండి. నా చేతికి వాచీ ఉంది. (చొక్కా చేతిని పైకి లాగి చూపిస్తాడు.) నాలుగు నెలలుగా నేను మిమ్మల్ని టైము అడిగిన ప్రతిసారీ ఇది ఈ చొక్కా కింద చక్కగా నడుస్తూనే ఉంది. ఇన్నాళ్లలో నేను మీతో మాట్లాడినదంతా ఆ ఒక్క ప్రశ్నే కాబట్టి, అందులోని అబద్ధాన్ని ఒప్పుకోకుండా అసలు సంగతికి రావడం న్యాయం కాదనిపించింది.

ఇంకొక అబద్ధం కూడా ఉంది. నేను ఎక్కవలసిన బస్సు ఇక్కడ ఆగదు. (చేయి చాపి) అదిగో, అవతలి స్టాపులో ఆగుతుంది. రోజూ పని ముగించుకొని, రోడ్డు దాటి వచ్చి, మీరు బస్సెక్కేదాకా ఇక్కడ నిలబడి, మళ్లీ రోడ్డు దాటి ఇంటికి వెళుతున్నాను. ఇది మీకు భయం కలిగించే సంగతైతే ఒక్క మాట చెప్పండి. రేపటి నుంచి అటే ఉంటాను, ఇటు తల కూడా తిప్పను.

(ఆమె పుస్తకంలో వేలు ఉంచి మూస్తుంది.)

సరిగ్గా అలాగే మూశారు ఆ రోజు కూడా. వాన కురుస్తుంటే, అటు పైకప్పు లేక ఇటు పరుగెత్తి వచ్చాను. బస్సు తప్పిపోయిందని ఒక పెద్దాయన తనలో తాను గొణుక్కుంటున్నారు. మీరు పుస్తకం మూసి, ఆ సంచిని తీసి ఒడిలో పెట్టుకొని, ‘ఇంకొకటి వస్తుంది, కూర్చోండి’ అన్నారు. అంతే. అంత మాత్రానికే మనసు పారేసుకుంటారా అని నన్ను నేను ఎన్ని రాత్రులు తిట్టుకున్నానో లెక్కలేదు.

(జేబులోంచి కాగితం తీసి, విప్పి, మళ్లీ మడుస్తాడు.) ఇందులో చాలా బాగా రాసుకున్నాను. మీ ముందు చదవబోతే ఒక్క వాక్యమూ నాది కాదనిపిస్తోంది. మీ పేరైనా తెలియదు నాకు. తెలియని మనిషి మీద ప్రేమేమిటని మీరడిగితే జవాబు చెప్పలేను. అయినా, నేను మిమ్మల్ని... (దూరంగా హారన్) ...ప్రేమిస్తున్నాను. వినబడిందా? హారన్‌లో కలిసిపోయిందా? ప్రేమిస్తున్నానండి. వెంటనే బదులివ్వనక్కరలేదు. అదిగో, మీ బస్సు వచ్చేసింది. వెళ్లండి.

(అతను ముఖం తిప్పుకుంటాడు. బస్సు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు. ఆమె లేవదు. నెమ్మదిగా సంచిని తీసి ఒడిలో పెట్టుకుంటుంది. అతను ఇటు తిరిగి, ఖాళీ అయిన చోటును చాలాసేపు చూస్తాడు.)

మీ బస్సు... వెళ్లిపోయిందండీ.

(దీపాలు ఆరిపోతాయి.)