లీటరు నీళ్లు కిలోనే ఎందుకు తూగుతాయి?

వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద ఖాళీ గాజు జాడీ పెట్టాను. 312 గ్రాములు చూపించింది. జాడీ మీదున్న లీటరు గీత దాకా నీళ్లు పోసి మళ్లీ పెడితే 1,307. అంటే నీళ్లు 995 గ్రాములు, దాదాపు కిలో. నీళ్లు పారబోసి, జాడీని పొడిగా తుడిచి, ఈసారి అదే గీత దాకా వంటనూనె పోశాను. 1,226 వచ్చింది. నూనె 914 గ్రాములే.

గీత అదే, జాడీ అదే, తూకం మాత్రం వేరు. ఈ తేడా అర్థమైతే ఘనపరిమాణం, ద్రవ్యరాశి, సాంద్రత అనే మూడు మాటలూ అర్థమైనట్టే.

ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో అది దాని ఘనపరిమాణం. లీటరు గీత చెప్పేది దాని గురించే. అందులో ఎంత పదార్థం ఉందో అది ద్రవ్యరాశి. దాన్ని గ్రాముల్లో, కిలోల్లో చెబుతాం. మామూలు మాటల్లో దీన్నే బరువు అంటాం గానీ, భౌతికశాస్త్రంలో బరువంటే భూమి ఆ వస్తువును లాగే బలం. చంద్రుడి మీదికి తీసుకెళ్తే లీటరు నీళ్లను లాగే బలం సుమారు ఆరో వంతుకు తగ్గుతుంది. కానీ నీళ్లేమీ తగ్గవు, ద్రవ్యరాశి అక్కడా కిలోనే. మనం భూమి మీదే తూస్తున్నాం కాబట్టి ఇక్కడ "తూగుతుంది" అన్న మాటనే వాడతాను.

ఈ రెండింటినీ కలిపేది సాంద్రత. ఒక్కో లీటరుకి ఎన్ని కిలోలు, లేదా ఒక్కో ఘన సెంటీమీటరుకి ఎన్ని గ్రాములు అన్నది చెప్పే లెక్క అది.

సాంద్రత = ద్రవ్యరాశి ÷ ఘనపరిమాణం

నూనె విషయంలో 914 గ్రాములను 1,000 మిల్లీలీటర్లతో భాగిస్తే మిల్లీలీటరుకి 0.914 గ్రాములు. ఇదే సూత్రాన్ని తిప్పి వాడొచ్చు. తేనె సాంద్రత సుమారు 1.4 అనుకుంటే అర లీటరు తేనె ఎంత తూగుతుంది? 500 × 1.4 = 700 గ్రాములు. అర కిలో నూనె కావాలంటే ఎన్ని మిల్లీలీటర్లు పోయాలి? 500 ÷ 0.914, అంటే దాదాపు 547. చాలామంది ఇక్కడే పొరబడతారు. "లీటరంటే కిలో" అన్న మాటను అన్ని ద్రవాలకూ వాడేస్తారు. అది నీళ్లకే సరిపోయే మాట.

ఇనుప ముక్కను సగానికి కోస్తే ద్రవ్యరాశీ సగమవుతుంది, ఘనపరిమాణమూ సగమవుతుంది. భాగహారం ఫలితం మాత్రం మారదు. చిన్న మేకు అయినా పెద్ద దూలమయినా, ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 7.9 గ్రాములే. సాంద్రత ముక్కది కాదు, ఆ పదార్థానిది.

సాంద్రత అంటే కిక్కిరిసి ఉండటం అని చాలాచోట్ల చెబుతారు. అది సగం నిజమే. బంగారం సాంద్రత 19.3, అల్యూమినియంది 2.7. బంగారంలో పరమాణువులు ఏడు రెట్లు ఎక్కువగా కిక్కిరిసి ఉన్నాయని అనిపిస్తుంది కదా? నిజానికి ఆ రెండు లోహాల్లోనూ పరమాణువులు ఒకే తీరులో పేర్చి ఉంటాయి, వాటి మధ్య దూరాలూ దాదాపు సమానమే. తేడా అంతా ఒక్కో పరమాణువు ద్రవ్యరాశిలో ఉంది. బంగారు పరమాణువుది 197 యూనిట్లు, అల్యూమినియందేమో 27. అంటే ఎంత దగ్గరగా పేర్చి ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, ఒక్కోటి ఎంత బరువైనదన్నదీ అంతే ముఖ్యం. నాకు ఈ విషయంలో బాగా నచ్చిన ఉదాహరణ ఇదే.

ఇక అసలు ప్రశ్న. నీళ్ల సాంద్రత 0.83 గానో 1.27 గానో కాకుండా, సరిగ్గా 1 దగ్గరే ఎందుకు ఉంది? ప్రకృతిలో ఇంత గుండ్రటి అంకె తానుగా దొరకడం అరుదు. దొరికిందంటే మనిషి చెయ్యి ఎక్కడో ఉందనే అర్థం.

ఆ చెయ్యి ఫ్రాన్సులో ఉంది. విప్లవ కాలంలో అక్కడ కొలతలన్నింటినీ కొత్తగా రూపొందించారు. ముందు మీటరు ఎంతో నిర్ణయించారు. 1795 చట్టంలో గ్రాముకు ఇచ్చిన నిర్వచనం ఇదీ: మీటరులో నూరో వంతు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ఘనంలో పట్టే శుద్ధమైన నీటి తూకం. అంటే ఒక ఘన సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము. ఈ సంబంధాన్ని ఎవరూ కనిపెట్టలేదు, అలా ఉండాలని పెట్టుకున్నారు.

మిగతాదంతా గుణకారమే. పది సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న డబ్బాలో 10 × 10 × 10 = 1,000 ఘన సెంటీమీటర్లు పడతాయి. అదే లీటరు. ఒక్కోటి గ్రాము చొప్పున వెయ్యి గ్రాములు, అంటే కిలో. అదే డబ్బాను మీటరు పొడవు, వెడల్పు, ఎత్తుకి పెంచితే అందులో వెయ్యి లీటర్లు పడతాయి. ఆ నీళ్లు ఒక టన్ను! మీటరు డబ్బా అంటే పెద్దదిగా అనిపించదు. ఇద్దరు కలిసి పక్కకి జరిపేద్దాం అనుకుంటాం. కానీ నీళ్లతో నిండితే అది ఒక చిన్న కారంత బరువుంటుంది.

నీళ్లనే ఎందుకు ఎంచుకున్నారు? ఎక్కడైనా దొరుకుతాయి. ఆవిరి పట్టి చల్లార్చితే శుద్ధి అవుతాయి. ఎవరైనా, ఏ దేశంలోనైనా, మీటరు బద్ద ఒకటి ఉంటే కిలోను మళ్లీ తయారు చేసుకోగలరు. ఆ ఆలోచన నాకు ఎంతో ఉదారంగా కనిపిస్తుంది.

అయితే నీళ్లు వేడికి వ్యాకోచిస్తాయి, కాబట్టి ఏ ఉష్ణోగ్రత దగ్గర తూచాలో కూడా చెప్పాలి. మొదటి చట్టం మంచు కరిగే ఉష్ణోగ్రత అంది. తర్వాత నీళ్లు అత్యంత సాంద్రంగా ఉండే 4 డిగ్రీల దగ్గరికి మార్చారు. ఆ లెక్క ప్రకారం 1799లో ప్లాటినంతో కిలో దిమ్మ చేశారు. అక్కడి నుంచి కిలో అంటే లోహపు దిమ్మే, నీళ్లు కాదు. ఆ కాలపు పనిముట్లతో చేసిన తూకంలో చిన్న తేడా మిగిలిపోయింది. అది లక్షలో మూడు వంతులకు మించదు. ఇప్పటి కొలతల ప్రకారం 4 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 999.97 గ్రాములు. 2019 నుంచి కిలోను దిమ్మతోనూ కాకుండా, ప్రకృతిలో ఎక్కడా మారని ప్లాంక్ స్థిరాంకం అనే విలువతో నిర్వచిస్తున్నారు. నీటితో ఉన్న సంబంధం చట్టంలో లేదు, అంకెలో మాత్రం ఇంకా అలాగే ఉంది.

మరి నా జాడీలో ఆ 5 గ్రాములు ఎక్కడికి పోయాయి? ఆ రోజు నీళ్లు దాదాపు 30 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఆ వేడిలో లీటరు నీళ్లు 995.6 గ్రాములే. వేడికి నీళ్లు కాస్త విస్తరించి, గీత దాకా పట్టే పదార్థం తగ్గింది. గీత దగ్గర కంటి అంచనా రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూ అయినా రెండు గ్రాములు మారతాయి కాబట్టి, నాకు వచ్చిన 995 అంకెను మరీ గట్టిగా పట్టుకోకూడదు. అవే నీళ్లను 100 డిగ్రీల దాకా మరిగించి అదే గీత దాకా పోస్తే తేడా ఏ కాటాకైనా తెలిసిపోతుంది. అప్పుడు లీటరుకి 958 గ్రాములే ఉంటాయి.