పదేళ్ల మా సెలూన్: మీ అందరికీ నా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా ఇళ్లలో పనులు పక్కన పెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన మా కస్టమర్లకు, మా సిబ్బంది కుటుంబ సభ్యులకు హృదయపూర్వక స్వాగతం.

పదేళ్ల క్రితం రెండు కుర్చీలు, ఒక అద్దం, తల కడిగే ఒకే ఒక్క బేసిన్‌తో ఈ సెలూన్ తెరిచిన రోజున నా పక్కన ఉన్నది ఇద్దరే. మొదటి మూడు నెలలు జీతాలు సకాలంలో ఇవ్వలేకపోయినా ఒక్క రోజు కూడా పనికి ఆలస్యంగా రాని ఆ ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చున్నారు. నేడు మనం పదకొండు మందిమి.

దారం కొసను పళ్ల మధ్య బిగించి, మెడ వంచి, పొద్దుటి నుంచి రాత్రి వరకు ఒకరి తరువాత ఒకరికి కనుబొమలు దిద్దే అమ్మాయి మెడ ఎంత నొప్పి పెడుతుందో, షాంపూల్లో, రంగుల్లో నానిన వేళ్ల సందుల్లో చర్మం ఎలా పగులుతుందో కుర్చీలో కూర్చున్నవారికి కనిపించదు. చేతి తొడుగులు, పని మధ్య విశ్రాంతి మనం తప్పనిసరి చేసింది అయిదో ఏడులోనే. అది మొదటి రోజే చేసి ఉండవలసింది. ఆ నాలుగేళ్లు ఓర్చుకున్న వారికి నేను రుణపడి ఉన్నాను.

మా కస్టమర్లలో ఒకరి గురించి, పేరు చెప్పకుండా, ఒక మాట చెప్పాలి. నాలుగో ఏట, ఆమె ప్రయాణపు తొందరలో ఉన్నారని, ప్యాచ్ టెస్ట్ చేయకుండానే మేము జుట్టుకు రంగు వేశాము. మర్నాటికి మాడు మండి, కనురెప్పలు వాచాయి. తొందర ఆమెదే అయినా తప్పు మాదే. కోలుకున్నాక ఆమె తిరిగి వచ్చి, "ఇకమీదట ఎవరు తొందరపెట్టినా ఆ పరీక్ష మానకండమ్మా" అని మాత్రమే అన్నారు. అప్పటి నుంచి 48 గంటల ముందు చెవి వెనుక కొద్దిగా రంగు రాసి చూడనిదే ఎవరికీ వేయడం లేదు. కొందరు కోపంతో వెళ్లిపోయారు, ఎక్కువమంది రెండు రోజులాగి మళ్లీ వచ్చారు. మాకు ఆ క్రమశిక్షణ నేర్పినది ఆమె ఓర్పే.

2020లో తలుపులు మూసి ఉన్న నెలల్లో, ఎప్పుడు తెరుస్తామో మాకే తెలియని స్థితిలో, మీలో పలువురు ముందుగానే డబ్బు పంపి "తెరిచాక చూసుకుందాం" అన్నారు. ఆ సొమ్ము మొత్తం జీతాలకే వెళ్లింది. ఆ రోజుల్లో మా సిబ్బందిలో ఒక్కరినీ వదులుకోకుండా నిలబడగలిగామంటే అది మీ చలవే.

ఇక మా పదకొండు మందినీ వేదిక మీదికి రమ్మని కోరుతున్నాను. అక్కడ మీకోసం కుర్చీలు వేసి ఉన్నాయి. ఈ పూట మీరు కూర్చోండి, మేమందరం నిలబడతాము.