కుటుంబ పరిష్కార దస్తావేజు

2025వ సంవత్సరం సెప్టెంబరు నెల 10వ తేదీ బుధవారం నాడు, విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం వెల్లంకి గ్రామం కాపురస్తుడు స్వర్గీయ రొంగలి సింహాచలం గారి వారసులమైన మేము,

1వ పార్టీ: పెద్ద కుమారుడు సన్యాసిరావు, వయస్సు 58, వ్యవసాయం, వెల్లంకి;
2వ పార్టీ: రెండవ కుమారుడు వెంకటరమణ, వయస్సు 53, ఉద్యోగం, కూర్మన్నపాలెం;
3వ పార్టీ: మూడవ కుమారుడు లక్ష్మణరావు, వయస్సు 47, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, మధురవాడ;
4వ పార్టీ: కుమార్తె పార్వతి, వయస్సు 50, గృహిణి, పెందుర్తి;
5వ పార్టీ: మా తల్లి అప్పలనరసమ్మ, వయస్సు 78, వెల్లంకి

అందరం కలిసి, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో వ్రాయించి సంతకాలు చేసుకున్న కుటుంబ పరిష్కార దస్తావేజు ఏమనగా:

దిగువ షెడ్యూలు ఆస్తి మా తాతగారి నుంచి మా తండ్రిగారికి సంక్రమించిన పిత్రార్జితం. ఆయన 2019లో వీలునామా వ్రాయకుండా కాలం చేశారు. 2006లో ఆయన బతికుండగానే సాగు సౌకర్యం కోసం ముగ్గురు అన్నదమ్ములకు నోటిమాటగా చెక్కలు చూపించారు. అప్పట్లో తెల్లకాగితం మీద వ్రాసుకున్న చీటీ ఒకటి 1వ పార్టీ దగ్గర ఉంది. ఆ చీటీలో కొలతలు లేవు, హద్దులు లేవు, ఆడపడుచు ప్రస్తావనే లేదు. అది భాగపత్రం కాదనీ, దాని మీద ఇక ముందు ఎవరూ ఏ హక్కూ అడగకూడదనీ ఒప్పుకుని, ఈ రోజు అందరి ఎదుట దాన్ని రద్దుచేసుకున్నాం.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం కుమార్తెకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉన్నదన్న సంగతి మేమందరం ఎరుగుదుం. పెళ్లినాడు ఇచ్చిన పసుపు కుంకుమలను, సారెను ఆమె వాటా కింద లెక్కగట్టడం లేదు. 4వ పార్టీ తన ఇష్టప్రకారం మెట్టలో 40 సెంట్ల భూమి, 6,00,000 రూపాయల (అక్షరాల ఆరు లక్షల రూపాయలు) నగదు తీసుకుని, మిగిలిన ఆస్తిపై హక్కు వదులుకుంటున్నారు. రోడ్డు వారగా ఎక్కువ మెట్ట పొందుతున్న 2వ పార్టీ ఈ ఆరు లక్షలనూ ఈ రోజే బ్యాంకు ద్వారా ఆమె ఖాతాకు బదిలీ చేశారు. సొమ్ము ముట్టిందని 4వ పార్టీ ఇందుమూలంగా ఒప్పుకుంటున్నారు. 1వ పార్టీకి ఇల్లు, ఎక్కువ పల్లం రావడం వల్ల ఆయన 3వ పార్టీకి 4,00,000 రూపాయలు (అక్షరాల నాలుగు లక్షల రూపాయలు) అదే విధంగా చెల్లించారు. అదీ ముట్టింది.

తల్లిగారు భూమిలో వాటా అక్కర్లేదని చెప్పి, తన హక్కును నలుగురు పిల్లలకు అనుకూలంగా వదులుకుంటున్నారు. అయితే ఇంట్లో వీధి అరుగు పక్క గదిలో జీవితాంతం ఉండే హక్కు ఆమెదే. ఆ ఇంటిని ఎవరు ఎవరికి అమ్మినా ఈ హక్కు చెదరదు. ముగ్గురు కొడుకులూ ప్రతినెలా 5వ తేదీలోగా ఒక్కొక్కరు 3,000 రూపాయలు ఆమె బ్యాంకు ఖాతాలో వేయాలి. వైద్య ఖర్చు ముగ్గురూ సమానంగా భరించాలి. ఆమె ఎవరి ఇంట్లో ఎన్నాళ్లు ఉన్నారన్న లెక్కతో ఈ చెల్లింపులు ఆపకూడదు.

ఆస్తి విభాగం

పల్లం, సర్వే నంబరు 87/2, జిరాయితీ, 1 ఎకరం 80 సెంట్లు. మొత్తానికి ఉత్తరం చెరువు కాలువ గట్టు. తూర్పు, దక్షిణం, పడమర ఇతరుల పల్లం భూములు. ఇందులో ఉత్తరం వైపు 1 ఎకరం 1వ పార్టీకి, దాని దక్షిణాన 40 సెంట్లు 2వ పార్టీకి, దానికీ దక్షిణాన చివరి 40 సెంట్లు 3వ పార్టీకి.

మెట్ట, సర్వే నంబరు 112/1, జీడిమామిడి తోట, 2 ఎకరాల 40 సెంట్లు. మొత్తానికి దక్షిణం రోడ్డు, పడమర గెడ్డ, ఉత్తరం కొండ పోరంబోకు, తూర్పు ఇతరుల మామిడి తోట. పడమర నుంచి తూర్పుకు వరుసగా 2వ పార్టీకి 1 ఎకరం, 4వ పార్టీకి 40 సెంట్లు, 3వ పార్టీకి 60 సెంట్లు, 1వ పార్టీకి 40 సెంట్లు. ప్రతి వాటా రోడ్డు నుంచి కొండ పోరంబోకు దాకా నిలువునా సాగుతుంది. రోడ్డు ముఖం లేని వాటా లేదు.

ఇల్లు, వెల్లంకి గ్రామం, ఇంటి నంబరు 2-41, 360 చదరపు గజాలు, తూర్పు వీధి. దక్షిణం వైపు 200 గజాల స్థలం, అందులోని పెంకుటిల్లు 1వ పార్టీకి. ఉత్తరం వైపు 160 గజాల స్థలం, అందులోని పశువుల శాల 3వ పార్టీకి.

సర్వేయరుతో కొలిపించి, ప్రతి మూలలోనూ రాళ్లు పాతించాం. కొలతల పటం ఈ దస్తావేజుకు జతచేసి అందరం సంతకాలు చేశాం. మాటకూ పటానికీ తేడా వస్తే పటమే ప్రమాణం.

నీళ్లు, దారి, చెట్లు

మా ఇంట్లో ఇంతవరకు వచ్చిన మాటపట్టింపులన్నీ నీటి దగ్గరే మొదలయ్యాయి కాబట్టి ఈ సంగతి విడమరిచి వ్రాసుకుంటున్నాం. పల్లంలోని బోరు, మోటారు 1వ పార్టీ వాటాలో ఉన్నా అవి ముగ్గురివి. సోమవారం ఉదయం 6 గంటల నుంచి శుక్రవారం ఉదయం 6 గంటల వరకు 1వ పార్టీ, అక్కడి నుంచి శనివారం సాయంత్రం 6 గంటల వరకు 2వ పార్టీ, అక్కడి నుంచి సోమవారం ఉదయం 6 గంటల వరకు 3వ పార్టీ నీరు పెట్టుకోవాలి. వంతులో కరెంటు పోతే పోయిన గంటలు మరుసటి వారంలో అడగరాదు. మరమ్మతు ఖర్చు 5:2:2 వంతున భరించాలి. మోటారు గది తాళంచెవులు మూడు, ఒక్కొక్కరి దగ్గర ఒకటి.

కాలువ గట్టు నుంచి పల్లం తూర్పు అంచు వెంబడి 10 అడుగుల దారి 3వ పార్టీ వాటా దాకా ఉంటుంది. ట్రాక్టరు, కోత మిషను వెళ్లేందుకు దాన్ని ఎవరూ దున్నకూడదు, కంచె వేయకూడదు. రేపు ఎవరైనా తమ వాటాను లే అవుట్ చేసినా, అమ్మినా ఈ దారి, నీటి వంతులు కొన్నవారికీ వర్తిస్తాయి.

ఇంటి స్థలాల మధ్య గీత మీద ఉన్న చింతచెట్టును ఇద్దరిలో ఎవరూ రెండోవారి లిఖిత అంగీకారం లేకుండా నరకకూడదు. తల్లిగారు ఉన్నంతకాలం కాయ ఆమెది. తర్వాత చెరి సగం. మెట్టలో 1వ పార్టీ వాటాలో తాతగారి సమాధి ఉన్న ఒక సెంటు స్థలం ఉమ్మడిది. అక్కడికి వెళ్లిరావడానికి అందరికీ ఎల్లప్పుడూ హక్కు ఉంది.

ఇతర షరతులు

సహకార సంఘంలో తండ్రిగారి పేరున ఉన్న 1,20,000 రూపాయల పంట రుణం 1వ పార్టీయే తీర్చాలి. ఆ సొమ్ము ఆయన సాగుకే వాడారు. వేరే బాకీలు బయటపడితే నలుగురు పిల్లలూ సమానంగా భరించాలి. మరచిపోయిన ఆస్తి బయటపడితే అదీ నలుగురికీ సమానమే. రోడ్డు కోసమో మరో పనికోసమో ప్రభుత్వం భూమి సేకరిస్తే పరిహారం ఆ వాటాదారుకే చెందుతుంది. పాత హక్కు లోపం వల్ల ఎవరి వాటా అయినా చేజారితే మిగిలిన ముగ్గురూ ఆ నష్టంలో తమ వంతు పూడ్చాలి.

అమ్ముకోదలచినవారు ముందుగా తోబుట్టువులకు లిఖితపూర్వకంగా ధర తెలపాలి. 30 రోజుల్లో ఎవరూ కొనకపోతే ఆ ధరకు తగ్గకుండా బయటివారికి అమ్ముకోవచ్చు.

ఈ దస్తావేజు రిజిస్టరైన తరువాత ఎవరి వాటాకు వారు సబ్ డివిజన్ చేయించుకుని, 1బి, అడంగల్, పాసు పుస్తకాలు, పంచాయతీ ఇంటి పన్ను రికార్డుల్లో పేర్లు మార్పించుకోవాలి. అడిగినప్పుడు సంతకాలకు మిగిలినవారు రావాలి. అసలు దస్తావేజు 1వ పార్టీ దగ్గర ఉంటుంది. మిగిలినవారు ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి. బ్యాంకు పనికి అసలు అడిగితే రసీదుపై ఇవ్వాలి.

నేటి నుంచి ఎవరి వాటాను వారు పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన విక్రయ వినిమయాది సర్వహక్కులతో అనుభవించవచ్చు. ఏదైనా తగవు వస్తే ముందు ఊరి పెద్దల సమక్షంలో 60 రోజులు ప్రయత్నించి, ఆ తరువాతే విశాఖపట్నం న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి.

1వ పార్టీ కుమారుడు రవితేజ, కుమార్తె సునీత, 2వ పార్టీ కుమారుడు కిరణ్ మేజర్లు కావడంతో తమ అంగీకారాన్ని తెలుపుతూ సంతకాలు చేస్తున్నారు. 3వ పార్టీ ఇద్దరు పిల్లలు మైనర్లు. వారి తరఫున తండ్రి సంతకం చేస్తున్నారు. తల్లిగారికి దస్తావేజు మొత్తం చదివి వినిపించాం. విని, ఒప్పుకుని, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశారు.

సంతకాలు:
1. రొంగలి సన్యాసిరావు
2. రొంగలి వెంకటరమణ
3. రొంగలి లక్ష్మణరావు (తన కోసం, మైనర్ల కోసం)
4. పార్వతి
5. అప్పలనరసమ్మ (వేలిముద్ర)

అంగీకరించినవారు: రవితేజ, సునీత, కిరణ్

సాక్షులు:
1. గోవిందరావు, రైతు, వెల్లంకి
2. సత్యవతి, విశ్రాంత ఉపాధ్యాయిని, ఆనందపురం